అమావాస్య నాటి ఆదోని దారి

ఒక్కరోజు కోసం ఆదోనికి పోయేవాళ్లు మా వీధిలో ముందు నా దగ్గరికి వచ్చేవాళ్లు. యెమ్మిగనూరులో మాది మగ్గాల వీధి. నేను నేసిన చీరలు ఆదోని బట్టల బజారులో ఒక అంగడికి వేసి, తిరిగి వచ్చేటప్పుడు నూలు తెచ్చుకునేవాడిని. నెలలో ఒకసారో రెండుసార్లో పోయి వచ్చే మనిషిని కాబట్టి ఆ ఊరు నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని నా నమ్మకం. అడిగినవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి చెప్పేవాడిని.

మొదటి బస్సుకు పోవాలి. దిగిన వెంటనే కొండకు నడవాలి. ఎండ ముదిరితే రాతిమెట్లు కాలుతాయి కాబట్టి పొద్దున్నే ఎక్కి స్వామి దర్శనం చేసుకుని దిగాలి. దిగేది పాత ఊరి వైపు దిగాలి. అట్లా అయితే పెద్ద మసీదు దారిలోనే వస్తుంది. అక్కడి నుంచి పత్తి మార్కెట్టు, అది చూసుకుని స్టేషను దగ్గరి హోటలు. మధ్యాహ్నం భోజనం అక్కడే. కలిసి పోయినవాళ్లలో ఎవరైనా తప్పిపోతే వెతుక్కుంటూ తిరగకుండా నేరుగా ఆ హోటలుకు రావాలి. అందుకే భోజనం చోటు ఎప్పుడూ మార్చకూడదు. తిన్న తరువాత బట్టల బజారు. ఇరుకు సందు, రెండు వైపులా గుడ్డ పందిళ్లు, మధ్యాహ్నం కూడా నీడ ఉంటుంది. అది దాటితే బస్సు ఎక్కే చోటు. నడిచిన దారిలో మళ్లీ నడిచే పని లేదు.

మంచి దారే. ఇప్పుడు తలుచుకున్నా అందులో తప్పు కనపడదు. తప్పు దారిది కాదు.

నా భార్య అప్పటికి ఎన్నో ఏళ్లుగా నా మగ్గానికి కండెలు చుట్టేది. నేను గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే, ఆమె గోడ పక్కన రాట్నం ముందు కూర్చుని అడ్డంగా నేసే పేక నూలు కండెలకు ఎక్కించేది. పడుగు నడుమ అటూ ఇటూ తిరిగే నా నాడె ఆగకుండా ఆడిందంటే అది ఆమె చెయ్యి. ఒకసారి మిరపపండు రంగు చీరకు ఆకుపచ్చ అంచు వేస్తున్నప్పుడు, ఆ రెండు రంగుల నడుమ సన్నగా ఒక పసుపు గీత తియ్యమని ఆమే చెప్పింది. నాకు నచ్చలేదు. అయినా తీశాను. అంగడి సావుకారి ఆ చీరలే ఇంకా కావాలన్నాడు. ఆ మాట ఇంటికి వచ్చి చెప్పినప్పుడు ఆమె రాట్నం ఆపి అడిగింది.

"ఆ సీర కొన్నోళ్లు ఎట్లుంటారు?"

"ఎట్లుంటారు, మనుషుల మాదిరే ఉంటారు."

"అది కాదు. ఆడ విప్పి పరిస్తారు గదా. అప్పుడు ఏమంటారు, యాడ చెయ్యి పెడతారు? నేనొకసారి సూడల్ల."

మా పెళ్లయిన తరువాత ఆమె నన్ను అడిగిన మొదటి కోరిక అదే. చీర అడగలేదు, నగ అడగలేదు. తను కండె చుట్టిన చీరను ఎవరో ఒకామె విప్పి చూస్తుంటే, అది తను చూడాలి. అంతే.

సరే పోదామన్నాను. ఎప్పుడు పోవాలంటే అమావాస్య నాడే పోవాలి. ఆ రోజు మా వీధిలో ఎవరూ నెయ్యరు. మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి సెలవిస్తాం. మిగతా రోజుల్లో మగ్గం ఆపి ఇద్దరమూ ఊరికి పోవడం మా ఇళ్లల్లో లేదు. నేను చీరలు వెయ్యడానికి ఆదోనికి పోయే రోజు వేరు. ఆమెను తీసుకుని పోయే రోజు వేరు. అమావాస్య నాడు ఆదోని ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా నాకు తోచలేదు.

మా ఎదురింటి అత్తది ఆదోని పుట్టిల్లు. వరసకు అత్త కాదు గానీ నన్ను అల్లుడా అని పిలిచేది. పోయే ముందు రోజు సాయంత్రం ఆమె మా గడపలో నిలబడి అంది. "అల్లుడా, అమావాస్య నాడు పోతాండారు గదా. ఆ పొద్దు బజారోళ్లు మద్యాన్నం పూజ చేసి, టెంకాయ కొట్టి కట్టేస్తారు. పొద్దున్నే ఆడికి పోండి."

"నాకు తెలీదా అత్తా? నెలనెలా పొయ్యేటోన్ని."

"నువ్వు పొయ్యేది నూలుకప్పా. నేను పుట్టిందే ఆడ."

"సరేలే, సూస్తాంలే."

ఆమె వెళ్లిపోయిన తరువాత నా భార్య నా వైపు చూసింది. "ముందు బజారుకే పోదామా?" అంది. నేను నవ్వాను. ముందు బజారుకు పోతే కొండ మధ్యాహ్నం ఎక్కాలి, మసీదుకు మళ్లీ వెనక్కి రావాలి, హోటలు దూరమైపోతుంది. దారంతా చెడిపోతుంది. ఇంతమందికి చెప్పిన దారిని నా భార్య కోసం తిప్పి పెట్టడమంటే నాకెందుకో చిన్నతనంగా తోచింది. పైగా ఆ హోటలు నడిపే సామికి ముందే చెప్పి ఉన్నాను, అమావాస్య నాడు ఇంటామెను తీసుకుని వస్తానని. "రాప్పా, రా. వెనక గది ఖాళీ చేయించి పెడతా," అన్నాడు ఆయన. ఆడవాళ్లు హోటల్లో కూర్చుని తినే రోజులు కావవి. వెనక వైపు పరదా కట్టిన చిన్న గది ఒకటి ఉండేది. ఆ ఊళ్లో నన్ను పేరు పెట్టి పలకరించే మనిషి ఉన్నాడని ఆమెకు చూపించాలని నా లోపల ఉంది. ఇది ఆమెకు చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు.

మొదటి బస్సుకు పోయాం. ఆమె కొంగు చాటున ఒక గుడ్డ మూట పెట్టుకుంది.

"ఏమే, ఏంది అది?"

"రొట్టెలు. గురెళ్ల పొడి, ఎర్రగడ్డ."

"హోటల్లో తింటాం గదా. టౌనులో మూట విప్పుకుని కూసుంటే నవ్వుతారు."

"నవ్వినప్పుడు మళ్లీ కట్టుకుంటాంలే," అని ఆమే నవ్వింది.

కొండ ఎక్కేటప్పుడు ఆమెకు దగ్గు వచ్చింది. అప్పటికి కొన్ని నెలలుగా దగ్గుతూ ఉంది. రాట్నం దగ్గర లేచే నూలు ధూళి అనుకున్నాం. మా వీధిలో దగ్గని ఇల్లు లేదు. మెట్ల మీద అక్కడక్కడా కూర్చుంటూ వచ్చింది. నేను పైమెట్టు మీద నిలబడి, ఎండ వస్తాంది, లెయ్ లెయ్ అంటున్నాను. పైకి చేరిన తరువాత ఊరంతా కనిపించింది. పెంకుటిళ్లు, మిల్లుల పొగగొట్టాలు, స్టేషను నుంచి కదిలిన రైలు పొగ. ఆమె స్వామికి దండం పెట్టుకుని వచ్చి అంచున నిలబడింది.

"బట్టల బజారు యాడ?"

చూపించాను. ఇళ్ల నడుమ సన్నటి గీత మాదిరిగా ఉంది.

"ఆడ జనం తిరుగుతాండారు. సూడు. ఇట్లే దిగి నేరుగా పోతే?"

"అటు దిగితే మళ్లీ మసీదుకు ఎనక్కి రావల్ల. పెద్ద మసీదు సూడకుండా పోతావా? ఎంతెంత దూరం నుంచో వస్తారు దాన్ని సూడనీకి."

ఆమె నేను చెప్పిన వైపే దిగింది.

మసీదు బయట నీడలో కూర్చుని ఆ రాతి పనిని చూశాం. నాకు తెలిసిందీ తెలియనిదీ కలిపి చాలా చెప్పాను. ఆమె ఊ కొడుతూ, మధ్యలో పొద్దు ఎక్కడికి వచ్చిందో తల ఎత్తి చూసేది. ఆ తల ఎత్తడం నేను చూశాను. చూసి కూడా చెప్పుకుంటూ పోయాను.

పత్తి మార్కెట్టుకు వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. మామూలుగా బండ్లు, ఎద్దులు, వేలం పాట కేకలతో చెవులు పగిలిపోయే చోటు. ఒక మూల పత్తి బోరాల మీద ఇద్దరు హమాలీలు పడుకుని ఉన్నారు.

"ఏమన్నా, ఈ పొద్దు మార్కెట్టు లేదా?" అని అడిగాను.

"అమావాస్య నాడు ఏం మార్కెట్టప్పా? యా ఊరు మీది?" అన్నాడు ఒకడు కళ్లు తెరవకుండానే.

నా భార్య నా చెయ్యి పట్టుకుంది. వీధిలో ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. "ఇదో, అత్త సెప్పింది నిజమే. ఈడ లేదంటే ఆడ మాత్రం ఎంతసేపు ఉంటాది? హోటలు వద్దు. రొట్టెలుండాయి గదా, నడుస్తా నడుస్తా తిందాం. పా, పోదాం."

ఇప్పటికీ ఆ మాటలు అదే గొంతుతో వినపడతాయి. అప్పుడు నేను ఏమన్నానో కూడా. "పత్తి వేరు, బట్ట వేరు. సామికి మాటిచ్చినా. ఆయన గది ఖాళీ చేయించి పెట్టింటాడు. తినేసి పోదాం, ఎంతసేపు?"

హోటల్లో మొదటి బంతి నడుస్తోంది. సామి నన్ను చూసి పెద్దగా పలకరించాడు. నాకు కావలసింది అదే కదా. వెనక గదిలో ఇంకో ఊరి ఆడవాళ్లు తింటున్నారు, వాళ్లు లేచేదాకా ఉండమన్నాడు. ఉన్నాం. నేను గల్లా పెట్టె పక్కన నిలబడి ఆయనతో నూలు ధరల సంగతి, వానల సంగతి మాట్లాడాను. ఆమె వాకిట్లో మూటను పొట్టకు ఆనించుకుని నిలబడింది. చివరికి గది ఖాళీ అయ్యింది. ఆమెను పరదా వెనక్కి పంపి నేను ముందు గదిలో ఆకు ముందు కూర్చున్నాను. నేను కడుపు నిండా తిన్నాను. ఆమె అన్నం కెలికి వదిలేసిందని ఎంగిలాకులు తీసే ఆమె అంటుంటే విన్నాను.

బజారుకు వచ్చాం. సందు మొదట్లోనే అగరొత్తుల వాసన, గడపల ముందు పగిలిన టెంకాయ చిప్పలు. పలకల తలుపులు ఒకదాని పక్కన ఒకటి వేసి ఉన్నాయి. మా చీరలు వేసే అంగడి గుమాస్తా వీధి చివర నుంచి సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు.

"అన్నా! ఈ పొద్దు వచ్చినావేంది? ఇప్పుడే పూజ చేసి కట్టేసినాం."

"ఒక్కసారి తెరిచేదానికి కాదా?"

"బీగాలు సావుకారి దగ్గరుండాయి. ఆయన ఇంటికి పోయినాడు, ఇంక రేపే." అప్పుడు నా వెనక ఉన్న మనిషిని చూసి, "వదినా, పొద్దున వచ్చింటే బాగుండు. మద్యాన్నం కట్టేస్తారని జనం విరగబడినారు. మీ పసుపు గీత సీర ముగ్గురు విప్పించుకుని సూసినారు," అన్నాడు. అతను మంచి మనసుతోనే అన్నాడు.

ఆమె పలకల సందులోంచి లోపలికి చూసింది. చీకటి. ఏమీ కనపడి ఉండదు. తరువాత ఆ అంగడి మెట్టు మీద కూర్చుని మూట విప్పింది. నాకొక రొట్టె చాచింది. నాకు ఆకలి లేదన్నాను. నిజంగానే లేదు. సందులో ఎవరూ లేరు, నవ్వేవాళ్లు కూడా. ఆమె ఒక్కతే తింది. నిదానంగా, పొడి ఒడిలో రాలకుండా.

"వచ్చే అమావాస్యకు... కాదు, మామూలు రోజే వద్దాం," అన్నాను.

"ఆఁ," అంది.

మామూలు రోజు రానే లేదు. ఒక పెట్టుబడి పని, ఒక పడుగు తొందర, ఒక వాన, ఏదో ఒకటి అడ్డం పెట్టాను. ఆమె మళ్లీ అడగలేదు. ఆ ఎండాకాలంలో దగ్గులో రక్తం పడింది. ఆసుపత్రిలో డాక్టరు క్షయ అన్నాడు. సూదులు వేశారు, మందులిచ్చారు. చాలా ఆలస్యంగా తెచ్చావని నన్ను కోప్పడ్డాడు. కొండమెట్ల మీద లెయ్ లెయ్ అన్న నా గొంతు నాకు వినపడింది.

రాట్నం అటక ఎక్కింది. కండెలు ఎదురింటి అత్త చుట్టి ఇచ్చేది. వండి పెట్టేది కూడా ఆమే. నా భార్య గోడకు ఆనుకుని మగ్గాన్ని చూస్తూ పడుకునేది. ఒకనాడు పిలిచి అంది. "నాకింక నడిచేది కాదు. నువ్వు పో. పొద్దున్నే అంగట్లో కూసో. మన సీర ఎవరు తీసుకుంటారో సూసి వచ్చి నాకు సెప్పు. నువ్వు సెప్తే నేను సూసినట్లే."

పోయాను. ఈసారి కొండ లేదు, మసీదు లేదు, బస్సు దిగి నేరుగా బజారుకు నడిచాను. గుమాస్తా నన్ను ఒక మూల కూర్చోబెట్టాడు. మా పసుపు గీత చీర ఒకటే మిగిలి ఉంది, దొంతరలో పైన. పొద్దెక్కే కొద్దీ జనం వచ్చారు, పోయారు. ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యలేదు. చివరికి హొళగుంద వైపు నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడుతున్నారు. పెళ్లి చీరలు. గుమాస్తా ఒకటి తరువాత ఒకటి విప్పుతున్నాడు. తల్లి వేలు తడి చేసుకుని అంచు రుద్ది రంగు పోతుందా అని చూస్తోంది. మా చీర వైపు కూతురు ఒకసారి చూసింది. నేను చూశాను, చూసింది.

అప్పుడు మధ్యాహ్నమైంది.

ఎందుకు లేచానో చెప్పలేను. కడుపు ఆ వేళకు ఆ హోటలుకు అలవాటు పడింది. రెండో బంతికి అన్నం చల్లారిపోతుంది. వీళ్లు ఇంకా పది చీరలు విప్పిస్తారు, ఈలోపల తినేసి రావచ్చు. ఇదీ నేను అనుకున్నది. లేచి పోయాను. ఎవరూ పిలవలేదు, ఎవరికీ మాట ఇవ్వలేదు. సామి పలకరించాడు, నేనూ పలికాను, తిన్నాను. తిరిగి వచ్చేసరికి ఆ తల్లీ కూతుళ్లు లేరు. దొంతర మీద మా చీర లేదు. గుమాస్తా భోజనానికి పోయాడు. సావుకారిని అడిగితే, "ఎవరో ఒకరు తీసుకునింటారులేప్పా. నీకు కావల్సింది అమ్ముడుపోయేది కదా," అన్నాడు.

గుమాస్తా వచ్చేదాకా ఉండవచ్చు. బస్సు వెళ్లిపోతుందని ఉండలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆమె కూర్చుని ఉంది. దిండు ఎత్తుగా పెట్టుకుని, తల దువ్వించుకుని, నా కోసమే. అత్త గిన్నెలు సర్దుతోంది.

"సెప్పు."

చెప్పాను. హొళగుంద తల్లీ కూతుళ్లను చెప్పాను. అంతవరకు నిజం. తరువాత ఆ తల్లి మా చీర తీసి కూతురి భుజం మీద వేసిందని చెప్పాను. ఆ పసుపు గీత చూసి, మెడలో గొలుసు మాదిరి ఉందే అనిందని చెప్పాను.

"నిజంగా అట్లనిందా?"

"అనింది."

"చెయ్యి యాడ పెట్టింది?"

"అంచు మీద," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తరువాత అడిగింది. "మరి నువ్వు హోటలుకు పోలేదా?"

"పోలేదు."

"అయ్యో. పొద్దున్నుంచి ఏం తినలేదా? అత్తా, కొర్రన్నం ఉంది గదా, ఆయనకు పెట్టు."

అత్త పెట్టింది. ఆమె చూస్తుండగా, నిండిన కడుపు మీద, పెట్టిందంతా తిన్నాను. చాలన్నా ఆమె ఊరుకోలేదు. "ఇంకొంచెం పెట్టత్తా, ఆకలితో వచ్చినాడు," అంది.

వానలు పడక ముందే ఆమె పోయింది. కర్మ నాడు బంధువులంతా తిని లేచిన తరువాత నాకు చివర్లో ఆకు వేశారు. ఎదురింటి అత్త వడ్డిస్తూ నా ముందు చతికిలపడింది.

"అల్లుడా, ఒక మాట. అది పొయ్యేటప్పుడు కూడా ఆ సీర సంగతే. వచ్చినోళ్లకంతా సెప్పింది. హొళగుందామె కూతురి భుజం మీద ఏసిందంట, గొలుసు మాదిరి ఉందనిందంట. దానికన్నా ఇంకో మాట ఎక్కువ సెప్పింది. యా పొద్దూ హోటలు భోజనం తప్పని మనిషి, నా కోసరం ఆ పొద్దు అన్నం మాని కూసున్నాడు అత్తా, అని."

నేను తల ఎత్తలేదు. నిజం చెప్పేందుకు నోరు తెరిచాను. చుట్టూ గిన్నెల చప్పుడు. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని, నేను ఆకలితో ఉన్నాననుకుని ఆకులో ఇంకో ముద్ద వేసింది. తిన్నాను.